పొట్లం చించేముందు చెమట లెక్క

ఎండలు ముదిరేసరికి మందుల షాపుల్లో ఎలక్ట్రొలైట్ పొట్లాలు వేలాడతాయి. నిమ్మ, నారింజ, పుచ్చకాయ రుచులు. ముందువైపు పెద్ద అక్షరాల్లో శక్తి, ఉత్సాహం. అసలు చూడాల్సిన అంకె వెనకవైపు చీమ తలకాయంత అక్షరాల్లో ఉంటుంది. అది సోడియం. ఒక పొట్లంలో 100 మిల్లీగ్రాములుంటే ఇంకో దాంట్లో 1000 ఉంటుంది. రెండింటినీ మనం ఒకే పేరుతో అడిగి కొనుక్కుంటాం.

ఆ అంకెకు అర్థం తెలియాలంటే ముందు చెమట లెక్క తెలియాలి. లీటరు చెమటతో సుమారు 900 మిల్లీగ్రాముల సోడియం పోతుంది. కొందరికి ఇందులో సగమే పోతుంది, కొందరికి దాదాపు రెట్టింపు. చొక్కా ఆరాక వీపు మీద తెల్లటి ఉప్పు చారలు కడితే మీరు రెండో రకం కావచ్చు. ఎంత చెమట పోయిందో తెలుసుకోవడానికి తూకం చాలు. నడకకు ముందు, తర్వాత తక్కువ బట్టలతో బరువు చూసుకోండి. తగ్గిన కిలోకు లీటరు చెమట పోయినట్టు. మధ్యలో నీళ్లు తాగి ఉంటే అవీ కలపాలి.

పార్కులో గంటసేపు గబగబా నడిచిన మనిషి 700 గ్రాములు తగ్గాడనుకుందాం. పోయిన సోడియం 630 మిల్లీగ్రాములు. ఉప్పుగా చూస్తే గ్రామున్నర పైచిలుకు, అంటే పావు టీస్పూను చిల్లర. ఇంటికొచ్చి దాహం తీరా నీళ్లు తాగి, సాంబారు, పచ్చడితో ఇడ్లీ తింటే అందులో చాలా భాగం తిరిగొస్తుంది. మిగతాది మధ్యాహ్నం అన్నంలో ఆవకాయ చూసుకుంటుంది. రోజుకు 5 గ్రాముల ఉప్పు దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటుంది, మన వంటిళ్లు ఎప్పుడో దాటేశాయి. ఇతను 1000 మిల్లీగ్రాముల పొట్లం కలుపుకుంటే రోజు మొత్తానికి చెప్పిన సోడియంలో సగం టిఫిను ముందే తాగేసినట్టు.

ఇప్పుడు మే నెలలో స్లాబ్ మీద ఇనుము కట్టే కూలీని చూడండి. గంటకు ముప్పావు లీటరు చొప్పున ఆరు గంటలకు నాలుగున్నర లీటర్ల చెమట. సోడియం 4000 మిల్లీగ్రాములు, అంటే 10 గ్రాముల ఉప్పు. పైగా ఎండకు అన్నం సయించదు, ఉత్త నీళ్లే కడుపు నింపుతాయి. సాయంత్రానికి పిక్కలు పట్టేస్తాయి. పనిలో కొత్తగా చేరినవాళ్లకు మొదటి వారం మరీ కష్టం. ఒళ్లు ఎండకు అలవాటు పడ్డాకే చెమటలో ఉప్పు పోవడం తగ్గుతుంది, దానికి వారం రెండు వారాలు పడుతుంది. ఉప్పు వేసిన మజ్జిగో, గంజో, పొడి కలిపిన నీళ్లో నిజంగా కావాల్సింది ఇతనికి. అర లీటరు పల్చటి మజ్జిగలో పావు టీస్పూను ఉప్పు వేస్తే 600 మిల్లీగ్రాముల దాకా సోడియం వస్తుంది. కానీ రంగు పొట్లాలు ఎక్కువగా అమ్ముడయ్యేది పార్కు వైపు.

పొడి కలుపుకున్నాం కదా, ఎన్ని నీళ్లు తాగినా ఫరవాలేదనుకునేవాళ్లూ ఉన్నారు. 2002 బోస్టన్ మారథాన్‌లో 488 మంది రక్తం పరీక్షిస్తే 13 శాతం మందిలో సోడియం పడిపోయి ఉంది. పరుగులో బరువు తగ్గాల్సింది పోయి పెరిగినవాళ్లలోనే అది ఎక్కువ. స్పోర్ట్స్ డ్రింకు తాగినా తప్పలేదు. లీటరు డ్రింకులో సోడియం 450 మిల్లీగ్రాములు అటూ ఇటూ, రక్తంలోని ద్రవంలో 3200. అతిగా తాగితే అదీ రక్తాన్ని పల్చన చేసేదే. తలనొప్పి, వాంతి, కడుపుబ్బరం, వేలి ఉంగరం బిగుసుకోవడం, ముఖ్యంగా బరువు పెరగడం కనబడితే ఇంకో గ్లాసు నీళ్లు ఇవ్వకూడదు, ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

ఓఆర్‌ఎస్ సంగతి వేరు. విరేచనాల కోసం తయారైన ఆ సూత్రంలో లీటరుకు సోడియం 1725 మిల్లీగ్రాములు. లీటరు నీళ్లకని ఇచ్చిన 20.5 గ్రాముల పొట్లాన్ని ఒక్క గ్లాసులో కలిపితే ఉప్పు దాదాపు అయిదింతలవుతుంది, చిన్నపిల్లలకు అది ప్రమాదం. ఈ సూత్రానికి సరిపోని తీపి డబ్బాల మీద ఓఆర్‌ఎస్ అని రాయకూడదని ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2025 అక్టోబరులో ఆదేశించింది. హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పట్టుబట్టిన విషయమిది.

ఎండలో మనిషి మాట తడబడినా, తికమకపడినా ఏ పొడీ పనికిరాదు. నీడకు చేర్చి, ఒళ్లంతా చన్నీళ్లతో తడిపి విసురుతూ 108కి ఫోన్ చేయాలి. స్పృహ సరిగా లేనప్పుడు నోట్లో ఏదీ పోయకూడదు.

ఇక బీపీకి టెల్మిసార్టాన్, రామిప్రిల్ లాంటి మాత్రలు వాడేవాళ్లు, గుండె, కిడ్నీ జబ్బులున్నవాళ్లు లేబుల్ మీద సోడియం కింద వరసలో పొటాషియం కూడా చదవాలి. ఆ మాత్రలు పొటాషియాన్ని ఒంట్లోనే నిలిపేస్తాయి. పొట్లం రోజూ తాగాలనుకుంటే ముందు ఆ లేబుల్ తీసుకెళ్లి డాక్టరుకు చూపించండి.