అద్దె ఇల్లా, సొంత ఇల్లా? వడ్డీ లేని లెక్క

“నెలనెలా కట్టే అద్దె బూడిదలో పోసిన పన్నీరే. ఆ డబ్బేదో బ్యాంకు వాయిదాగా కడితే ఇల్లయినా మిగులుతుంది కదా!” ఈ మాట మన ఇళ్ళలో తరచుగా వినిపిస్తుంది. వడ్డీకి దూరంగా ఉండాలని నిశ్చయించుకున్న కుటుంబాలు కూడా దీనికి జవాబు తోచక ఇబ్బంది పడుతుంటాయి. తాము ధర్మం కోసం నష్టపోతున్నామేమో అన్న బాధ వారి మనసులో ఉండిపోతుంది. అందుచేత ఈ నెల శీర్షికలో ఆ మాటను కాగితం మీద పెట్టి పరిశీలించదలిచాము.

హైదరాబాదులో రెండు పడకగదుల ఫ్లాట్ ఒకటి ఉందనుకుందాం. ధర 60 లక్షలు. అలాంటి ఫ్లాటుకే అద్దె నెలకు 16 వేలు. ఊరిని బట్టి, వీధిని బట్టి ఈ అంకెలు మారుతాయి. పాఠకులు తమ అంకెలు వేసుకుని ఇదే లెక్క చేసుకోవచ్చు.

మొదట బ్యాంకు దారి చూద్దాం. 30 లక్షలు దాటి 75 లక్షల లోపు ఉండే గృహరుణానికి బ్యాంకు ఇంటి విలువలో 80 శాతానికి మించి ఇవ్వరాదని రిజర్వు బ్యాంకు నిబంధన. కాబట్టి 12 లక్షలు మనం చేతి నుండి పెట్టుకోవాలి. తెలంగాణలో స్టాంపు సుంకం, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ రుసుము కలిపి 7.5 శాతం, అంటే మరో నాలుగున్నర లక్షలు. ఇది కూడా మన చేతి నుండే. మిగిలిన 48 లక్షలకు 8.5 శాతం వడ్డీతో 20 ఏళ్ళ గడువు పెడితే నెలసరి వాయిదా సుమారు 41,650 రూపాయలు. ఇందులో మొదటి నెల వడ్డీయే 34,000. అసలులోకి జమ అయ్యేది ఏడున్నర వేల పైచిలుకు మాత్రమే. అయిదేళ్ళు క్రమం తప్పకుండా కడితే కట్టిన మొత్తం 25 లక్షలవుతుంది, కాని అప్పు 48 లక్షల నుండి 42 లక్షల 30 వేలకు మాత్రమే దిగుతుంది. అదే అయిదేళ్ళు అద్దె కడితే, ఏటా 5 శాతం పెరిగినా, మొత్తం పది లక్షల అరవై వేలు. వడ్డీగా పోయినది 19 లక్షల పైమాటే. అంటే బూడిదలో పోసినది ఏదైనా ఉంటే, అద్దె కన్న వడ్డీయే ఎక్కువ.

అల్ బఖరా సూరా 275వ ఆయత్‌లో అల్లాహ్ వ్యాపారాన్ని ధర్మసమ్మతం చేసి, వడ్డీని నిషేధించాడు. వడ్డీ తినేవానినే కాక, చెల్లించేవానిని, పత్రం రాసేవానిని, సాక్షులను కూడా మహాప్రవక్త ముహమ్మద్ (సఅసం) శపించారని సహీహ్ ముస్లిం హదీసు తెలుపుతున్నది. విశ్వాసికి నిర్ణయం ఇక్కడే అయిపోతుంది. పై లెక్క చూపినది ఆ ఆజ్ఞకు రుజువుగా కాదు. ఆ ఆజ్ఞను పాటిస్తున్నవారు తాము మోసపోతున్నామని అనుకోనవసరం లేదని తెలియడానికే.

అయితే బ్యాంకు దారి మూసుకున్నంత మాత్రాన అద్దె ఇల్లే మేలని తీర్మానించరాదు. అసలు ప్రశ్న ఇప్పుడే మొదలవుతుంది. పొలం అమ్మగానో, గల్ఫ్‌లో ఏళ్ళ తరబడి కష్టపడగానో ఒక కుటుంబం చేతికి 64 లక్షల 50 వేలు వచ్చాయనుకుందాం. ఫ్లాటు ధరకూ, రిజిస్ట్రేషన్‌కూ అది సరిగ్గా సరిపోతుంది. ఆ కుటుంబం కొనాలా? అద్దెకుండి డబ్బును వ్యాపారంలో పెట్టాలా?

కొంటే ఏడాదికి 1 లక్ష 92 వేల అద్దె మిగులుతుంది. కాని అంతా మిగులు కాదు. ఇంటిపన్ను యజమానిదే. అయిదారేళ్ళకొకసారి రంగులు, పైకప్పు ఉరిస్తే మరమ్మతు, పాడైన కుళాయిలూ పైపులూ, అపార్ట్‌మెంట్ లిఫ్టుకో బోరు మోటారుకో పెద్ద ఖర్చు వస్తే అందులో వాటా, ఇవన్నీ యజమాని భరించేవే. ఒక ఏడు ఏమీ ఉండదు, మరో ఏడు లక్ష దాటుతుంది. సగటున ఏడాదికి 45 వేలు పక్కన పెట్టుకోవడం మంచిది. అప్పుడు సొంత ఇల్లు నిజంగా మిగిల్చేది 1 లక్ష 47 వేలు. పెట్టిన సొమ్ములో ఇది రెండుంబావు శాతం. దీనికి తోడు ఇంటి ధర పెరగవచ్చు. ఇక్కడ ఒక విషయం గుర్తుంచుకోవాలి. కట్టడం ఏటేటా పాతబడుతుంది. విలువ పెరిగేది దాని కింద ఉన్న భూమికే. ఫ్లాటు కొనేవారు పత్రంలో తమకు రాసిన భూమి వాటా ఎన్ని గజాలో తప్పక చూడాలి. ఆ వాటా తక్కువైన కొద్దీ పెరుగుదల మీద ఆశ కూడా తగ్గించుకోవాలి. మనం ఏటా 3 శాతం, అంటే 1 లక్ష 80 వేలు పెరుగుతుందని మితంగా అనుకుందాం. ఇవి రెండూ కలిపితే కొన్నవారికి కలిగే లాభం ఏడాదికి 3 లక్షల 27 వేలు.

ఇక అద్దెకుండేవారి సంగతి. వారి 64 లక్షల 50 వేలకు చాంద్రమాన సంవత్సరం నిండగానే రెండున్నర శాతం జకాత్ విధి అవుతుంది: 1 లక్ష 61 వేలు. కాపురముండే ఇంటిపై జకాత్ లేదు. ఇల్లు కొనడానికని దాచిన సొమ్ముపై మాత్రం ఉందనేది అధిక సంఖ్యాకులైన ఉలమా అభిప్రాయం. జకాత్ నష్టం కాదు, పేదల హక్కు. దానిని తప్పించుకోవడానికని ఇల్లు కొనాలని మేము చెప్పడం లేదు. కాని అది చేతి నుండి వెళ్ళే సొమ్మే గనుక లెక్కలో చేర్చక తప్పదు.

ఆ సొమ్ము ఏ భాగస్వామ్య వ్యాపారంలోనో ఉండి, ఏటా 8 శాతం ధర్మసమ్మతమైన లాభం తెస్తే 5 లక్షల 16 వేలు వస్తుంది. జకాత్ పోగా 3 లక్షల 55 వేలు మిగులుతుంది. కొన్నవారి లాభం కన్న ఇది కాస్త ఎక్కువే. లాభం ఏడున్నర శాతం దగ్గర ఉంటే రెండు దారులూ సమానమవుతాయి. అంతకు తగ్గితే కొనడమే మేలు. పైగా వ్యాపారంలో లాభం ఖాయం కాదు, నష్టం కూడా రావచ్చు.

మన సమాజంలో ఎక్కువగా జరిగేది ఈ రెండూ కాదు. వడ్డీకి భయపడి ఫిక్స్‌డ్ డిపాజిట్ చేయరు, వ్యాపారంలో పెట్టడానికి ధైర్యం చాలదు. సొమ్ము బ్యాంకు ఖాతాలో ఊరకే పడి ఉంటుంది. ఆ కుటుంబం ఏడాదికి 1 లక్ష 92 వేల అద్దె, 1 లక్ష 61 వేల జకాత్ కలిపి మూడున్నర లక్షలు మూలధనం నుండే తీస్తుంది. ఈలోగా ఇంటి ధర ముందుకు పోతుంది. ఇంటికి సరిపడా సొమ్ము ఉండి, దానిని పనిలో పెట్టలేనివారు కొనడం వాయిదా వేయరాదు.

కాని సొమ్ము సగమే ఉన్నవారి మాటేమిటి? మన పాఠకులలో వీరే ఎక్కువ. వీరికి ఖర్జె హసనా, అంటే వడ్డీ లేని చేబదులు, ఇచ్చే బంధువు దొరికితే అదృష్టమే. లేకపోతే బంధువుతో భాగస్వామ్యం ఒక దారి. అదే ఫ్లాటుకు కుటుంబం 24 లక్షలు, బావమరిది 36 లక్షలు పెట్టారనుకుందాం. రిజిస్ట్రేషన్ ఖర్చు కూడా అదే నిష్పత్తిలో పంచుకున్నారు. ఇంట్లో నూటికి అరవై వంతులు బావమరిదివి గనుక, 16 వేల అద్దెలో 60 శాతం, 9,600 రూపాయలు, అతనికి అద్దెగా ముట్టజెప్పాలి. ఏటా ఇంట్లో 5 శాతం వాటా అతని నుండి కొంటూ పోవాలి. మరుసటి ఏడు అతని వాటా 55 శాతం, అద్దె 8,800. వాటా ధర ఇప్పటి లెక్కన 3 లక్షలు, అంటే నెలకు 25 వేలు. మొదటి ఏడు అద్దెతో కలిపి నెలకు 34,600 అవుతుంది. బ్యాంకు వాయిదా కన్న ఇది తక్కువే, అయితే మొదట పెట్టుకోవలసింది బ్యాంకు అడిగే దానికి రెట్టింపు. పన్నెండేళ్ళలో ఇల్లు పూర్తిగా సొంతమవుతుంది.

ఇది భాగస్వామ్యమా, ముసుగేసుకున్న వడ్డీయా అన్నది మూడు చోట్ల తెలిసిపోతుంది. ఇంటి ధర పడిపోయినా తన 36 లక్షలు తనకు రావలసిందేనని బంధువు షరతు పెడితే అది అప్పే. పైకప్పు వంటి పెద్ద మరమ్మతులన్నీ కాపురమున్నవారి మీదనే వేస్తే అదీ సరికాదు. వాటాల మేరకు ఇద్దరూ భరించాలి. వాటా అమ్మినప్పుడల్లా ఆనాటి ధరకు అమ్మాలి. ఇల్లు 66 లక్షలైతే 5 శాతం వాటా ధర 3 లక్షల 30 వేలు. బంధువుకు కూడా నిజం చెప్పాలి: అతనికి అద్దె మీద వచ్చేది ఏడాదికి 3.2 శాతమే, మిగతాది ధర పెరిగితేనే. విక్రయ పత్రం ఇద్దరి పేరిట, వాటాలు స్పష్టంగా రాసి రిజిస్టరు చేయించాలి. ఏటా వాటా మార్పును రిజిస్టరు చేయిస్తే ప్రతిసారీ సుంకం పడుతుంది గనుక, మధ్యలో ఎలా నడుచుకోవాలో న్యాయవాది చేత ఒప్పందం రాయించుకుని, ముఫ్తీకి చూపించి, ఆ తరువాతనే సంతకాలు చేయాలి. దగ్గరివాడే కదా అని నోటిమాటతో సరిపెట్టుకుంటే, ఇద్దరిలో ఒకరు మరణించిననాడు వారసుల మధ్య తగవు తప్పదు.

చివరిగా, కాలం. రిజిస్ట్రేషన్‌కు పోయే నాలుగున్నర లక్షలు 28 నెలల అద్దెకు సమానం. ఇల్లు తిరిగి అమ్మితే అది వెనక్కి రాదు. ఉద్యోగం మారే అవకాశం, పిల్లల చదువుకు ఊరు వదలవలసిన అవసరం అయిదేళ్ళ లోపు కనిపిస్తుంటే, సొమ్ము ఉన్నా అద్దెకుండడమే తెలివి. ఉన్నదంతా ఇంటికి ఊడ్చిపెట్టి, ఆరు నెలల ఇంటి ఖర్చు కూడా మిగుల్చుకోనివారు మొదటి జబ్బుకే అప్పు కోసం చేయి చాచవలసి వస్తుంది. వారు వద్దనుకున్న వడ్డీ వేరే గుమ్మం నుండి ఇంట్లోకి వస్తుంది.

భార్యాభర్తలు ఒక సాయంత్రం కూర్చుని అయిదు అంకెలు రాసుకోవాలి: ఇంటి పూర్తి ఖరీదు, ఏడాది అద్దె, ఏడాది మరమ్మతులూ పన్నూ, ఉన్న సొమ్ముపై జకాత్, ఆ సొమ్ము నిజంగా తెస్తున్న ధర్మసమ్మత లాభం. రావచ్చునని ఊహించిన లాభం కాదు, నిరుడు చేతికి వచ్చిన లాభమే రాయాలి. ఆ అయిదో అంకె దగ్గర సున్న ఉంటే, వారి ఇంటి సమస్య అద్దె కాదు. ఊరకే పడి ఉన్న సొమ్మే.