పది గళ్ళ చీటీ

మా మేనకోడలు జాకెట్లు కుట్టే దుకాణం పెట్టింది. వచ్చినవాళ్ళు మళ్ళీ రావాలని కూలిలో పదోవంతు తగ్గిస్తానంది. నేను లెక్క వేయించాను. జాకెట్టుకు 300 రూపాయలు. దారం, పనివాళ్ళ కూలి, అద్దె పోగా ఆమెకు మిగిలేది 90. అందులో 30 వదులుకుంటే లాభంలో మూడోవంతు పోయినట్టే. పైగా తగ్గించిన ధరే అసలు ధర అనుకుంటారు జనం.

"మరేం చెయ్యమంటావు మామయ్యా?" అంది.

గళ్ళ చీటీ ఇమ్మన్నాను. జాకెట్టుకొక ముద్ర, ఎనిమిదైతే ఒక చీరకు ఫాల్, పీకో ఉచితం. దానికామెకయ్యే ఖర్చు 60. అంటే జాకెట్టుకు ఏడున్నర. బయట 120 ఇచ్చుకునే పని గనుక పుచ్చుకునేవారికి ఘనంగానే ఉంటుంది.

అయితే ఎనిమిది ఖాళీ గళ్ళ చీటీకంటే, పది గళ్ళు వేసి రెండింటిమీద ముందే ముద్ర కొట్టి ఇవ్వడం మేలు. అమెరికాలో కార్లు కడిగేచోట ఈ పరీక్షే చేసి, నూన్స్, డ్రేజ్ అనే పరిశోధకులు 2006లో ప్రకటించారు. రెంటికీ కడిగించుకోవలసింది ఎనిమిదిసార్లే. ఖాళీ చీటీల్లో నూటికి 19 నిండితే, ముద్ర పడ్డవాటిలో 34 నిండాయట! మొదలైన పనిని మధ్యలో వదలబుద్ధి కాదు మనిషికి.

ఏడాదికి రెండు జాకెట్లు కుట్టించుకునేవారికి మాత్రం ఎనిమిదంటే నాలుగేళ్ళు. అలాంటివారే ఎక్కువైతే నాలుగు ముద్రలు చాలు. అప్పుడూ ఖర్చు జాకెట్టుకు 15 రూపాయలే. చీటీలకు నంబర్లు వేసుకుని ఆరు నెలలకొకసారి చూడమన్నాను. ఎప్పుడూ వచ్చేవారి చీటీలే నిండుతుంటే, ఎలాగూ వచ్చేవారికే బహుమతి పోతోందన్నమాట.