లీటరు పెట్రోలులో రాష్ట్రానికి దక్కేదెంత?

కేంద్ర ఆర్థిక మంత్రి గారికి,

పన్నుల్లో 41 శాతం రాష్ట్రాలకే ఇస్తున్నామని కేంద్రం చెబుతుంది. ఆ లెక్క తేలాలంటే పెట్రోలు బంకు దాకా వెళ్తే చాలు.

2022 మే తగ్గింపు తర్వాత లీటరు పెట్రోలుపై కేంద్ర ఎక్సైజు 19 రూపాయల 90 పైసలుగా ఉండేది. అందులో మూల సుంకం రూపాయి 40 పైసలే. మిగతాది సర్‌చార్జీగా వేసే ప్రత్యేక అదనపు సుంకం 11 రూపాయలు, రోడ్ల సెస్సు 5, వ్యవసాయ సెస్సు రెండున్నర. రాజ్యాంగం 270వ అధికరణ ప్రకారం సెస్సులు, సర్‌చార్జీలు పంపకంలోకి రావు. కాబట్టి 41 శాతం వర్తించేది ఆ రూపాయి నలభైకే: అన్ని రాష్ట్రాలకూ కలిపి 57 పైసలు. పదిహేనో ఆర్థిక సంఘం 2021-26కు ఖరారు చేసిన 4.047 శాతం వాటాతో ఆంధ్రప్రదేశ్‌కు చేరింది సుమారు 2 పైసలు, 2.102 శాతంతో తెలంగాణకు ఒక పైసా చిల్లర!

రాష్ట్రాలేమీ అమాయకులు కావు. వాటి వ్యాట్ బరువు వాహనదారుడికి బాగా తెలుసు. సెస్సు సొమ్ములో కొంత రోడ్ల రూపంలో తిరిగొస్తుందన్నదీ నిజమే. అయితే ఏ రోడ్డో నిర్ణయించేది ఢిల్లీ.

270వ అధికరణ గీసిన గీతను ఆర్థిక సంఘం దాటలేదు, రాజ్యాంగ సవరణతో పార్లమెంటు దాటగలదు. అందాకా ప్రత్యేక సుంకాన్ని మూల సుంకంలో కలపండి, ప్రతి సెస్సుకూ ముగింపు తేదీ ప్రకటించండి.