కూలి తేడాకు దొరికే ‘వివరణ’ ఎక్కడిది?

కొల్లేరు నుంచి భీమవరం దాకా పరచుకున్న చేపలు, రొయ్యల సాగు ప్రాంతంలో పనుల విభజన చూడగానే తెలిసిపోతుంది. వల లాగడం, మేత చల్లడం, చెరువు కావలి కాయడం, లారీకి పెట్టెలెత్తడం మగవారి పనులు. రొయ్య తల తీయడం, ఒలవడం, ఏరడం ఆడవారివి. తాడేపల్లిగూడెం టోకు మార్కెట్లోనూ బస్తా మోసే హమాలీ మగవాడే. కూలి తేడా ఎందుకని అడిగితే యజమాని చెప్పే జవాబు ఒక్కటే: ‘వాళ్ల పని వేరు కదా!’ ఈ జవాబులో నిజమెంతో తేల్చడానికి అర్థశాస్త్రంలో యాభై ఏళ్లుగా ఒక లెక్క ఉంది. అయితే ఆ లెక్కను ఎలా వేశామన్న దాన్నిబట్టి యజమానిని నిలదీయనూ వచ్చు, నిర్దోషిగా వదిలేయనూ వచ్చు. కులం, లింగం కలిసి పనిచేసే మన ప్రాంతంలో ఈ తేడా తెలుసుకోవడం అవసరం.

1973లో రొనాల్డ్ ఓహాకా, అలన్ బ్లైండర్ వేర్వేరుగా ప్రకటించిన వ్యాసాల వల్ల ఈ పద్ధతికి వారిద్దరి పేరు స్థిరపడింది. దీని మూలసూత్రాన్ని 1955లోనే ఎవెలిన్ కిటగావా అనే సామాజికశాస్త్రవేత్త వివరించారు. స్త్రీల వేతనాల తేడా కొలిచే పద్ధతికి ఆ స్త్రీ పేరు అంతగా వినిపించకపోవడం ఒక వింత.

పద్ధతి సూటిగానే ఉంటుంది. స్త్రీ పురుషులను ఒకే కుప్పగా పోయకుండా, మగ కూలీలకొకటి, ఆడ కూలీలకొకటి రిగ్రెషన్ సమీకరణం విడిగా కట్టాలి. ఒక్కో ఏడాది చదువుకు, ఒక్కో ఏడాది అనుభవానికి మార్కెట్ ఎంత ధర కడుతోందో ఆ సమీకరణం చెబుతుంది. ఆ ధరనే గుణకం అంటాం. ఇద్దరినీ ఒకే సమీకరణంలో పెట్టి ‘స్త్రీ’ అనే ఒక్క గుర్తు చేర్చితే, చదువుకు ఇద్దరికీ ఒకే ధర దక్కుతోందని ముందే ఒప్పుకున్నట్టవుతుంది. తేల్చవలసిన విషయాన్నే ముందు ఒప్పుకోవడం న్యాయం కాదు.

లెక్క అర్థం కావడానికి కొన్ని అంకెలు ఊహించుకుందాం. ఇవి సర్వే ఫలితాలు కావు. సగటున మగవారికి రోజుకు 600 రూపాయలు, ఆడవారికి 400 వస్తున్నాయనుకుందాం. మగవారి సగటు చదువు 7 ఏళ్లు, అనుభవం 8 ఏళ్లు. ఆడవారికి అవి 5, 6 ఏళ్లు. మగవారి సమీకరణంలో మూలవేతనం 380, ఏడాది చదువుకు 20, ఏడాది అనుభవానికి 10 రూపాయలు. ఆడవారి సమీకరణంలో మూలవేతనం 314, చదువుకు 10, అనుభవానికి 6.

ఇప్పుడు ఒక ప్రశ్న వేసుకోవాలి. ఈ స్త్రీలకే, వారికున్న చదువు, అనుభవాలతోనే, మగవారి ధరలు కట్టి ఉంటే ఎంత వచ్చేది? 380కి చదువు కింద 100, అనుభవం కింద 60 కలిపితే 540. అంటే 200 రూపాయల తేడాలో 60 మాత్రమే చదువు, అనుభవాల తేడా వల్ల వచ్చింది. ఇది వివరణ దొరికిన భాగం. మిగిలిన 140కి కారణం ఒకే అర్హతకు రెండు ధరలు ఉండటం. ఇది వివరణ దొరకని భాగం. తిరగేసి, మగవారికి ఆడవారి ధరలు కట్టి చూస్తే వివరణ దొరికిన భాగం 32కి తగ్గి, దొరకనిది 168కి పెరుగుతుంది. ఏ ధరను న్యాయమైన కొలబద్దగా తీసుకోవాలన్నది గణితం చెప్పదు, పరిశోధకుడే చెప్పాలి. చెప్పకుండా ఒకే అంకె ప్రకటించే నివేదికను అనుమానంగానే చదవాలి.

అసలు చిక్కు దీని తర్వాత మొదలవుతుంది. ‘పని వేరు కదా’ అన్న యజమాని మాటను సమీకరణంలో చేర్చుదాం. మోత, యంత్రం, కాటా వంటి ఎక్కువ కూలి పనులలో మగవారు నూటికి 70 మంది, ఆడవారు నూటికి 10 మంది ఉన్నారనుకుందాం. ఆ పనికి మగవారిలో అదనంగా 150 రూపాయలు వస్తున్నాయి. పని రకం చేరగానే మిగతా గుణకాలూ మారతాయి. చదువు ధర 15, అనుభవం ధర 8, మూలవేతనం 326 అయ్యాయనుకుంటే మగవారి సగటు ఇప్పటికీ 600 రూపాయలే. అదే స్త్రీలకు ఈ ధరలు కడితే 464 వస్తుంది. అంటే వివరణ దొరికిన భాగం 60 నుంచి 136కి ఎగబాకింది, దొరకనిది 140 నుంచి 64కి పడిపోయింది. షెడ్డులో ఎవరి కూలీ పైసా మారలేదు. మన సమీకరణంలో ఒక గడి పెరిగింది, అంతే.

ఆ 136లో 90 రూపాయలు (అరవై శాతం తేడాను 150తో హెచ్చిస్తే వచ్చేది) ‘పని రకం’ అనే పేరుతో వివరణ ఖాతాలో చేరిపోయాయి. అయితే కాటా దగ్గర ఎవరు నిలబడాలో, ఒలిచే బల్ల దగ్గర ఎవరు కూర్చోవాలో ఎవరు నిర్ణయించారు? మేస్త్రీ నిర్ణయించి ఉంటే, వివక్షకు ఫలితమైన దాన్నే వివక్షకు జవాబుగా చూపించినట్టవుతుంది. పని రకాన్ని బొత్తిగా వదిలేస్తే యజమాని మాటను వినిపించుకోనట్టే. అందువల్ల పని దక్కడాన్నే విడిగా లెక్కగట్టాలి. 1980లో బ్రౌన్, మూన్, జోలోత్ ఈ మార్గం చూపారు.

మగవారికి పనులు పంచే తీరును ముందు ఒక సమీకరణంగా కట్టి, స్త్రీల చదువు, అనుభవాలను అందులో వేసి చూడాలి. అదే తీరున పంచి ఉంటే స్త్రీలలో నూటికి 60 మందికి ఆ పనులు దక్కేవని తేలిందనుకుందాం. నిజంగా దక్కినది 10 మందికే. ఈ 50 శాతం తేడా ఖరీదు 75 రూపాయలు, అది పని దక్కకపోవడం వల్ల పడిన నష్టం. మొత్తం 200 ఇప్పుడు మూడు ముక్కలవుతుంది: అర్హతల తేడా 61, పనికి రానివ్వకపోవడం 75, అర్హతకు తక్కువ ధర కట్టడం 64. బస్తా మోయడానికి బలం కావాలి, కనుక ఆ 75 అంతా వివక్షేనని ఈ లెక్క రుజువు చేయదు. కాటా చూడటానికి, చిట్టా రాయడానికి బలమెందుకన్న ప్రశ్నకు మాత్రం షెడ్డు యజమాని జవాబు చెప్పాల్సి ఉంటుంది.

మన దేశంలో కులం మీద ఈ పద్ధతిని వాడినప్పుడు సరిగ్గా ఇదే బయటపడింది. 2007లో ఎస్. మాధేశ్వరన్, పాల్ అటెవెల్ జాతీయ నమూనా సర్వే గణాంకాలతో పట్టణాల్లోని జీతగాళ్లను పరిశీలించారు. ఒకే అర్హతలున్నా దళిత, ఆదివాసీ ఉద్యోగులకు ఇతరుల కన్నా దాదాపు 15 శాతం తక్కువ వస్తోందని, ప్రైవేటు రంగంలో ఈ వివక్ష ఎక్కువని తేల్చారు. ఒకే ఉద్యోగంలో తక్కువ జీతం ఇవ్వడం కన్నా, మంచి ఉద్యోగంలోకే రానివ్వకపోవడం పెద్ద కారణమన్నది వారి ముఖ్య నిర్ధారణ. చట్టమూ ఈ రెంటినీ విడిగానే చూసింది. 1976 నాటి సమాన పారితోషిక చట్టం ఒకే తరహా పనికి ఒకే వేతనం ఇవ్వాలన్నది, నియామకంలో స్త్రీల పట్ల వివక్ష చూపరాదనీ వేరుగా చెప్పింది. మొదటిదాని గురించే మనం మాట్లాడుతుంటాం.

ఇక స్త్రీ, పురుషుడు అని రెండు గుంపులే చేస్తే కులం కనుమరుగవుతుంది. మన ఊహా షెడ్డులో దళితేతర పురుషుడికి 650, దళిత పురుషుడికి 550, దళితేతర స్త్రీకి 430, దళిత స్త్రీకి 370 వస్తున్నాయనుకుందాం. రెండు వర్గాల సంఖ్య సమానమైతే సగటు మళ్లీ 600, 400 రూపాయలే. పైనున్నవారికీ కిందున్నవారికీ తేడా 280. ముందు లింగం మెట్టు దిగి తర్వాత కులం మెట్టు దిగితే లింగం వాటా 220, కులం వాటా 60. ముందు కులం మెట్టు దిగితే కులం వాటా 100, లింగం వాటా 180. దళిత స్త్రీకి తగ్గిన 280లో ఇంత కులానిది, ఇంత లింగానిది అని నికరంగా విడదీయలేం. ‘ఏది ప్రధానం’ అంటూ మన సభల్లో సాగే వాదానికి గణితం తీర్పు చెప్పదు. నాలుగు గుంపులకు నాలుగు సమీకరణాలు కట్టి, రెండు దారులనూ పక్కపక్కనే చూపడమే నిజాయితీ.

దీనికి నమూనా పెద్దది కావాలి. జాతీయ సర్వేలో ఒక జిల్లాకు దొరికే కొద్దిమంది కూలీలను నాలుగు గుంపులు చేస్తే ఒక్కో గుంపుకు మిగిలేది గుప్పెడు మందే. అప్పుడు గుణకాలు గాలివాటుగా ఊగుతాయి. పైగా కూలికి వచ్చినవారి వేతనమే సర్వేకు కనిపిస్తుంది. భూమి ఉన్న కులాల స్త్రీలలో చాలామంది కూలికి రారు, భూమిలేని దళిత స్త్రీకి రాక తప్పదు. వచ్చినవారిని మాత్రమే పోల్చితే రెండు వేర్వేరు జల్లెళ్లలోంచి రాలిన గింజలను పోల్చినట్టే.

అనుభవాన్ని కొలిచే తీరులోనూ మోసముంది. వయసులోంచి చదివిన ఏళ్లు, మరో ఆరేళ్లు తీసేసి మిగిలినదాన్ని అనుభవంగా రాసుకోవడం సర్వేల్లో మామూలు. కాన్పులకు, పిల్లల పెంపకానికి పని మానిన ఏళ్లు కూడా స్త్రీ ఖాతాలో అనుభవంగా పడతాయి. అందుకే ఆమె అనుభవానికి ధర తక్కువన్నట్టు కనిపిస్తుంది. ఇక్కడ ఆ 64 రూపాయల్లో కొంత వివక్ష కాక కొలత లోపమై ఉండవచ్చు. దీనికి మరో ముఖం కూడా ఉంది. వరిచేలు చెరువులయ్యాక నాట్లు, కలుపు తీతలో ఆరితేరిన స్త్రీల ఇరవై ఏళ్ల నైపుణ్యానికి ధర లేకుండా పోయింది. చెరువు గట్టు మీద పుట్టిన కొత్త పనులు మగవారికి వెళ్లాయి. సమీకరణం దీన్ని ‘అనుభవానికి ధర తక్కువ’ అని మాత్రమే నమోదు చేస్తుంది.

ఏలూరు, పశ్చిమ గోదావరి జిల్లాల్లో ఎవరైనా ఈ సర్వేకు పూనుకుంటే ప్రశ్నాపత్రం రాసేటప్పుడే జాగ్రత్తపడాలి. కిలోకింత అని ఒలుపు కూలి ఇచ్చేచోట రోజు కూలి అడిగితే చాలదు. రొయ్య కౌంట్ కూడా రాసుకోవాలి. కౌంట్ పెరిగితే రొయ్య చిన్నదవుతుంది, కిలో ఒలవడానికి ఎక్కువ సేపు పడుతుంది. సరుకు లారీ కోసం ఎదురుచూసిన గంటలనూ పనిగంటల్లో కలపాలి. అవి కలిపితే గంటకు వచ్చే కూలి తగ్గి, తేడా మరింత పెద్దదిగా బయటపడుతుంది. కాటా పని, చిట్టా పని ఎప్పుడైనా అడిగారా, అడిగితే మేస్త్రీ ఏమన్నాడు అన్న రెండు ప్రశ్నలు తప్పక ఉండాలి. పని దక్కకపోవడంలో ఇష్టం పాలెంతో, నిరాకరణ పాలెంతో విడదీసే ఆధారం ఆ జవాబుల్లోనే దొరుకుతుంది.