పాఠం మన మాటల్లో: వీక్ యాసిడ్ అంటే పలచటి యాసిడ్ కాదు

షోలాపూర్‌లో మా గల్లీ పిల్ల పదో తరగతి దాకా తెలుగు మీడియం, ఇప్పుడు పన్నెండో తరగతి సైన్స్ ఇంగ్లీషులో చదువుతోంది. కెమిస్ట్రీలో ‘అయానిక్ ఈక్విలిబ్రియా’ పాఠం పట్టుకొని వచ్చింది. వాళ్ల నాయన టవల్ మిల్లు డైయింగ్‌లో పని చేస్తాడు.

“మామా, పుస్తకంల అసిటిక్ యాసిడ్ వీక్ అని ఉంది. మా నాయిన డబ్బా మూత తీస్తె కండ్లు మండుతయంటడు. మండేది వీక్ ఎట్లయితది?”

నోట్సు తెరిచి చూస్తే సంగతి అర్థమైంది. స్ట్రాంగ్, కాన్సంట్రేటెడ్ రెండింటికీ ‘గాఢ’ అని రాసుకుంది. వీక్, డైల్యూట్ రెండింటికీ ‘పలచన’. నాలుగు మాటలు రెండైపోయాయి. అందుకే ఈ నాలుగింటినీ ఇంగ్లీషులోనే ఉంచి, చుట్టూ వివరణ తెలుగులో రాసిచ్చాను.

కాన్సంట్రేటెడ్, డైల్యూట్ అనేవి లీటరులో యాసిడ్ ఎంత కలిపామో చెబుతాయి. స్ట్రాంగ్, వీక్ అనేవి కలిపిన యాసిడ్‌లో ఎంత భాగం నీళ్లలో విడిపోయి H⁺ ఇస్తుందో చెబుతాయి. మొదటిది మన చేతిలో ఉంది, రెండోది ఆ యాసిడ్ స్వభావం.

లీటరులో 0.1 మోల్ HCl కలిపితే దాదాపు అంతా విడిపోతుంది, pH 1. అంతే అసిటిక్ యాసిడ్ కలిపితే వెయ్యి మాలిక్యూల్స్‌లో సుమారు 13 మాత్రమే విడిపోతాయి. pH దాదాపు 2.9. ఇప్పుడు HCl నే నూరు రెట్లు డైల్యూట్ చేస్తే pH 3. అంటే బాగా డైల్యూట్ అయిన స్ట్రాంగ్ యాసిడ్, అంతకన్నా కాన్సంట్రేటెడ్‌గా ఉన్న వీక్ యాసిడ్ pH లో పక్కపక్కనే ఉన్నాయి.

మరి pH చూసి తేడా తెలియకపోతే ఎట్లా? NaOH పోసి చూడాలి. ఆ 0.1 M అసిటిక్ యాసిడ్ 10 మి.లీ. తీసుకుంటే 0.1 M NaOH 10 మి.లీ. పడుతుంది. నూరు రెట్లు డైల్యూట్ చేసిన HCl 10 మి.లీ.కి 0.1 మి.లీ. చాలు. ఎందుకంటే NaOH ఉన్న H⁺ ను తీసేస్తుంటే, విడిపోకుండా మిగిలిన అసిటిక్ యాసిడ్ మళ్లీ మళ్లీ విడిపోతూ ఉంటుంది. ఈక్విలిబ్రియం అంటే ఇదే.

ఒక జాగ్రత్త. కలిపిన యాసిడ్ లెక్కతోనే నేరుగా pH కట్టడం HCl లాంటి స్ట్రాంగ్ యాసిడ్‌కే కుదురుతుంది. వీక్ యాసిడ్‌కు ముందు Ka తో H⁺ ఎంతో కట్టాలి. ఈ పిల్ల అసిటిక్ యాసిడ్‌కు కూడా pH 1 అని వేసింది. మార్కులు పోయేది అక్కడే.

చివరికి తనే చెప్పింది: “అయితే నాయిన డబ్బాలది వీకే, కానీ కాన్సంట్రేటెడ్.” అవును. అందుకే చర్మం మీద పడినా కాలుతుంది. వీక్ అన్న మాట చూసి గ్లౌజులు తీయొద్దని నాయనకు చెప్పమన్నాను.