చంకకర్రలు: బరువు చంకలో కాదు, చేతుల్లో

షాద్‌నగర్ నుంచి ఒక సోదరి ఉత్తరం రాశారు. పెరట్లో జారిపడితే కుడి మోకాలి కింద ఎముక విరిగిందట. పిండికట్టు వేసి, ఆరు వారాలు ఆ కాలు కింద మోపవద్దన్నారట. "ఇంట్లో మా బావగారి చంకకర్రలు ఉంటే వాటితోనే నడుస్తున్నా. పది రోజులకే చంకలు ఒరుసుకుపోయాయి. బొటనవేలి వెనకాల తిమ్మిరిగా ఉంటున్నది. చంకలో దూది పెట్టుకోనా?" అని అడిగారు.

దూదితో పోయే బాధ కాదమ్మా ఇది. మణికట్టును, వేళ్ళను పైకి లేపే నరం చంకలోంచే పోతుంది. కర్ర మీద వేలాడితే అది నలిగి తిమ్మిరెక్కుతుంది. ఒకసారి చెయ్యి ముందుకు చాపి, మణికట్టు పైకి ఎత్తి చూడండి. ఎత్తలేక చెయ్యి వాలిపోతుంటే ఈ రోజే డాక్టరుకు చూపించండి. ఎత్తగలిగినా, తిమ్మిరి సంగతి ఆయన చెవిన వేయండి. ఒత్తిడి తీసేస్తే చాలామందికి కొన్ని వారాల్లోనో, నెలల్లోనో నయమవుతుంది.

అసలు చిక్కు ఎత్తులో ఉంది. మనిషి ఎత్తులోంచి 16 అంగుళాలు తీసేస్తే సుమారుగా కర్ర పొడవు వస్తుంది. మీ బావగారు 5 అడుగుల 7 అంగుళాలంటున్నారు, ఆయనకు 51 అంగుళాల కర్ర సరి. మీరు 5 అడుగుల 1 అంగుళం, మీకు 45 చాలు. ఆరంగుళాలు ఎక్కువైతే చంక ఒరుసుకోక ఏమవుతుంది? నట్లు విప్పి తగ్గించండి. ఇంట్లో తొడుక్కునే చెప్పుతోనే నిలబడి, కర్ర కొనలు పాదానికి ఆరంగుళాలు ముందుకు, ఆరంగుళాలు పక్కకు పెట్టి చూసుకోండి. చంకకూ కర్రకూ మధ్య రెండు మూడు వేళ్ళు పట్టాలి. చేతిపిడి, చెయ్యి కిందికి వేలాడేసినప్పుడు మణికట్టు మడత దగ్గరికి రావాలి. అప్పుడు పిడి పట్టుకుంటే మోచెయ్యి కాస్త వంగుతుంది. పిడి మరీ కిందికుంటే ముందుకు వంగిపోయి మణికట్టు నొప్పెడుతుంది. దూది ఉంటే పిడికి చుట్టి పైన గుడ్డ కట్టండి, అక్కడ పనికొస్తుంది.

నడిచేప్పుడు రెండు కర్రలూ ఒక అడుగు ముందు పెట్టి, పై భాగాన్ని పక్కటెముకలకు అదిమి, అరచేతులతో పిడిని నొక్కి, మంచి కాలు ముందుకు వేయండి. గడప ఎక్కేటప్పుడు ముందు మంచి కాలు, తర్వాత కర్రలు. దిగేటప్పుడు ముందు కర్రలు. చీర చీలమండ పైకి కట్టుకోండి. షాబాద్ బండల మీద నీళ్ళుంటే కర్ర జారుతుంది, రబ్బరు బుడిపెలు అరిగితే వెంటనే మార్పించండి.

కట్టు విప్పాక డాక్టరు ఒక్క చేతికర్ర చాలంటే, దాన్ని ఎడమచేత పట్టుకోండి. దెబ్బ కుడికాలికి కదా అని చాలామంది కుడిచేతనే పడతారు. ఎడమచేతి కర్రా కుడికాలూ కలిసి ముందుకు పడితేనే ఆ కాలి బరువు తగ్గేది.