ఎక్స్‌పైరీ తేదీ ఒక్కటే చాలదు

సంపాదకులకు,

పసిపిల్లల పాలపొడి డబ్బాపై ఎక్స్‌పైరీ తేదీ చూసుకుంటే చాలన్న మీ వ్యాసం పొరపాటు. ఆ తేదీ మూత తీయని డబ్బాకే. తెరిచాక ఎన్నాళ్లలో వాడాలో వేరే చోట చిన్న అక్షరాల్లో ఉంటుంది, చాలావాటిపై మూడు నాలుగు వారాలే.

ఆబిడ్స్, నాంపల్లి మందుల షాపుల్లో ఒకే కంపెనీ డబ్బాలు పక్కపక్కనే ఉంటాయి. ‘1’ అంకె ఉన్నది బిడ్డకు ఆరు నెలలు నిండేదాకా, ‘2’ ఆ తర్వాత. పాత డబ్బాలోని చెంచా కొత్తదానికి వాడితే కొలత తప్పొచ్చు. ముందు నీళ్లు కొలిచి, ఆ తర్వాతే తలకొట్టిన చెంచాతో పొడి వేయాలి. పలచనైతే బిడ్డకు పోషణ చాలదు; చిక్కనైతే ఒంట్లో నీరు తగ్గుతుంది. తాగగా మిగిలిన పాలు పారబోయాల్సిందే.

దయచేసి సవరణ ప్రచురించండి.

— మందుల షాపు ఉద్యోగి, నాంపల్లి, హైదరాబాద్